‘ఓర్చుకున్నంత’ అని రాయకండి

ఆంధ్రప్రదేశ్ స్పోర్ట్స్ అథారిటీ, తెలంగాణ స్పోర్ట్స్ అథారిటీ పెద్దలకు,



మీ రెండు సంస్థలనూ నేను అడిగేది ఒకే ఒక్క కాగితం. చీలమండ బెణికిన పిల్లో పిల్లాడో దెబ్బ తగిలిన గంట నుంచి మళ్లీ ఆటలోకి దిగే రోజు వరకు ఏం చెయ్యాలో తెలుగులో చెప్పే కాగితం. రెండు వైపులా అచ్చు వేస్తే సరిపోతుంది. మోకాలు, భుజం, తొడ వెనక కండరం సంగతి తర్వాత చూసుకోవచ్చు. ముందు చీలమండే ఎందుకంటే కబడ్డీ, ఖోఖో, వాలీబాల్, బాస్కెట్‌బాల్ ఆడే పిల్లలకు ఇంత తరచుగా తగిలే దెబ్బ ఇంకోటి లేదు. ఇంత తేలిగ్గా వదిలేసేదీ లేదు. వదిలేసిన వాళ్లలో చాలామందికి అదే కాలు మళ్లీ మళ్లీ మడత పడుతూ ఉంటుంది.

నేను ఫిజియోథెరపిస్టుని. కరోల్ బాగ్‌లో చిన్న క్లినిక్ ఉంది. ఇక్కడ చవక హోటళ్లు ఎక్కువ కాబట్టి టోర్నమెంట్లకు, సెలక్షన్లకు ఢిల్లీ వచ్చే జట్లు ఈ చుట్టుపక్కలే దిగుతుంటాయి. తెలుగు మాట్లాడే ఫిజియో ఉందని ఎవరో చెబితే వెతుక్కుంటూ వస్తారు. పక్కనే ప్రసాద్ నగర్‌లో ఆంధ్ర ఎడ్యుకేషన్ సొసైటీ బడి ఉంది. దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1948లో మొదలుపెట్టిన సొసైటీ అది. ఆ బడి చుట్టూ తెలుగు కుటుంబాలున్నాయి, ఆటలాడే పిల్లలూ ఉన్నారు. అందుకని రాజధానిలో కూర్చుని కూడా నా పని సగం తెలుగులోనే నడుస్తుంది.

ఒక అమ్మాయి సంగతి చెబుతాను. గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను. పదిహేడేళ్లు, కబడ్డీ రైడర్, ఉత్తరాంధ్ర పిల్ల. ప్రాక్టీసులో కూతకు వెళ్లి వెనక్కి తిరగబోతుంటే కుడి పాదం లోపలికి మడత పడింది. అదే సాయంత్రం ఒక ఆసుపత్రికి తీసుకెళ్లారు. ఎక్స్‌రేలో ఎముక విరగలేదు. చీటీ మీద ఇంగ్లీషులో నాలుగు ముక్కలు రాసిచ్చారు: వెయిట్ బేరింగ్ యాజ్ టాలరేటెడ్, రెస్ట్ మూడు వారాలు, యాంకిల్ రోమ్ ఎక్సర్‌సైజులు, రివ్యూ ఎస్‌ఓఎస్. వైద్యం తెలిసిన వాళ్లకు ఇందులో తప్పేమీ కనిపించదు. నాకూ కనిపించదు.

జట్టుతో వచ్చిన మేనేజరు దాన్ని తెలుగులో ఇలా చెప్పారట: “నొప్పి ఓర్చుకుని నడవమన్నారు. మూడు వారాలు ఆట బంద్. ఏదో ఎక్సర్‌సైజు చెయ్యమన్నారు. ఎమర్జెన్సీ అయితేనే మళ్లీ రమ్మన్నారు.”

ఆ పిల్ల చెప్పింది చెప్పినట్టు చేసింది. రెండు రోజులు పళ్లు బిగబట్టుకుని అజ్మల్ ఖాన్ రోడ్డులో తోటి పిల్లలతో తిరిగింది. మూడో రోజు నా దగ్గరకు వచ్చేసరికి పాదం పైభాగం దాకా వాచి, బయటి వైపంతా కమిలి ఉంది.

“ఎందుకమ్మా ఇంత నడిచావు?”

“ఓర్చుకోమన్నారు కదా మేడం. ఓర్చుకున్నాను.”

ఆ ఇంగ్లీషు మాటకు అర్థం నిజానికి ఇందుకు ఎదురు. కాలు ఎంత బరువును ఇబ్బంది లేకుండా మోయగలదో అంతే వెయ్యి, కాలు వద్దంటే తగ్గించు అని. తెలుగులో ‘ఓర్చుకోగలిగినంత’ అనగానే కొలిచేది కాలి శక్తి కాక మనిషి గుండె నిబ్బరం అయిపోతుంది. ఆటలాడే పిల్లకు ఆ మాట చెబితే పందెం కట్టినట్టే. అందుకని నేను ఆ ముక్కను ఇలా రాస్తాను: “కుంటకుండా నడవగలిగినంతే నడువు. కుంటు వస్తోందంటే బరువు ఎక్కువైంది. చంక కర్రలు పట్టుకో, లేదా కూర్చో.” కుంటు అందరికీ కనిపిస్తుంది. వాళ్లమ్మకు, పీఈటీ మాస్టారికి, హాస్టల్ వార్డెనుకు కూడా. నొప్పి పదికి ఎన్ని మార్కులు అని అడిగితే కోచ్ ఎదురుగా ఏ పిల్లయినా రెండే అంటుంది. నడక మాత్రం అబద్ధం చెప్పదు.

కర్ర గురించి ఇంకో మాట. రెండు కర్రలు ఉన్నంతవరకు గొడవ లేదు. ఒకటికి దిగాక దాదాపు అందరూ దాన్ని దెబ్బ తగిలిన కాలి వైపే పట్టుకుంటారు. పట్టుకోవలసింది రెండో చేత్తో. కుడి కాలికి దెబ్బయితే కర్ర ఎడమ చేతిలో ఉండాలి, కుడి కాలూ కర్రా కలిసి ముందుకు పడాలి. ఇది ఏ చీటీలోనూ చూడలేదు.

ఇక ‘రెస్ట్’. మన ఇళ్లల్లో రెస్టు తీసుకోమంటే మంచం మీద పడుకోమని. చీలమండ బెణుకుకు రెస్టు అంటే ఆ కాలితో పరుగు, గంతు, మలుపు వద్దని మాత్రమే. మొదటి రెండు మూడు రోజులు దాటాక మంచం ఎక్కించారంటే చీలమండ బిగుసుకుపోతుంది, పిక్క సన్నబడుతుంది. తెలుగు కాగితంలో ‘విశ్రాంతి’ అని ఒక్క మాట రాసి ఊరుకోకుండా ఏవి మానాలో, ఏవి మానకూడదో విడివిడిగా రాయాలి. పరుగు, దూకడం కాలు సిద్ధమయ్యేదాకా వద్దు. మర్దనా, నూనె పట్టించడం, వేడి కాపడం మొదటి మూడు రోజులు వద్దు. వేళ్లు ఆడించడం, నొప్పి రానంత మేర పాదాన్ని పైకీ కిందికీ వంచడం రోజూ చెయ్యాలి. మోకాలికీ తుంటికీ రెండో కాలికీ సెలవు లేదు.

ఐసు, పట్టీ, ఎత్తులో పెట్టడం అందరికీ తెలిసినవే అనిపిస్తుంది గానీ చేసేటప్పుడే తేడా వస్తుంది. 1978లో గేబ్ మిర్కిన్ అనే అమెరికా డాక్టరు తన పుస్తకంలో ఈ సలహాల మొదటి అక్షరాలు కలిపి ‘రైస్’ అన్నాడు. ఆ పేరు ప్రపంచమంతా పాకింది. ఐసు వల్ల మానడం ఆలస్యం కావచ్చని తర్వాత ఆయనే తన మాట కొంత వెనక్కి తీసుకున్నాడు. నా లెక్కలో ఐసు నొప్పికి ఉపశమనం, అంతకు మించి ఏమీ కాదు. గుడ్డలో చుట్టి పదిహేను నిమిషాలు పెట్టి తియ్యాలి, చర్మానికి నేరుగా తగలకూడదు. క్రేప్ పట్టీ వేళ్ల దగ్గర మొదలుపెట్టి పైకి చుట్టాలి. వేళ్లు నీలమైనా, చల్లబడినా, తిమ్మిరెక్కినా వెంటనే విప్పాలి. కాలు ఎత్తులో పెట్టమంటే పిల్లలు కుర్చీలో కూర్చుని స్టూలు మీద పెడతారు. అది ఎత్తు కాదు. వెల్లకిలా పడుకుని మడమ కింద రెండు దిళ్లు వేస్తేనే పాదం గుండె కన్నా పైకి వస్తుంది, వాపు దిగుతుంది.

‘ఎస్‌ఓఎస్’ అంటే డాక్టర్ల భాషలో ‘అవసరమైతే’ అని. ఈ పిల్లకు అది ప్రాణం మీదకు వస్తేనే అన్నట్టు వినిపించింది. కాబట్టి ఆ అవసరాలేమిటో కాగితమే చెప్పాలి. అయిదారు రోజులైనా కర్ర లేకుండా అడుగు పడకపోతే రావాలి. నొప్పి చీలమండ గుబ్బ కింద కాకుండా దాని పైన, కాలి రెండెముకల నడుమ ఉంటే రావాలి. ఆ రెండెముకలను కట్టి ఉంచే లిగమెంటుకు దెబ్బ తగిలి ఉండొచ్చు, అది మానడానికి ఇంకా ఎక్కువ కాలం పడుతుంది. పిక్క వాచి, ముట్టుకుంటే నొప్పెడుతూ వెచ్చగా ఉంటే ఆ రోజే రావాలి. దానికి తోడు ఆయాసం వస్తే నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లాలి.

ఈ అమ్మాయికి ఎక్స్‌రే తీశారు కాబట్టి ఆ గొడవ లేకపోయింది. ఊళ్లో, మండల స్థాయి పోటీల్లో ఆ వీలుండదు. ఎవరికి ఎక్స్‌రే కావాలో తేల్చుకోవడానికి 1992లో కెనడాలోని ఒట్టావాలో ఇయాన్ స్టీల్ బృందం కొన్ని నిబంధనలు ప్రకటించింది. ఏ వ్యాయామ మాస్టారైనా నేర్చుకోగలిగినవి అవి. దెబ్బ తగిలిన వెంటనే, తర్వాత పరీక్ష చేసే దగ్గర కూడా నాలుగు అడుగులు వెయ్యలేకపోతే ఎక్స్‌రే తీయించాలి. కుంటుతూ వేసినా అడుగు అడుగే. ఇక వేలితో నొక్కి చూడవలసినవి నాలుగు చోట్లు. చీలమండకు అటూ ఇటూ ఉన్న గుబ్బల వెనక అంచులు, కొస నుంచి పైకి 6 సెంటీమీటర్ల దాకా. పాదం బయటి అంచున, చిటికెన వేలికీ మడమకూ మధ్య తగిలే బొడిపె. పాదం లోపలి వైపు, గుబ్బకు కాస్త ముందున్న ఎముక. వీటిలో ఎక్కడ నొక్కినా ఎముక మీదే నొప్పి అంటే ఎక్స్‌రే తీయించాలి. మెత్తటి చోట, గుబ్బకు ముందూ కిందా నొప్పి అయితే అది లిగమెంటుది కావచ్చు.

ఈ పరీక్షకూ హద్దులున్నాయి. ఇది విరిగిన ఎముకను దాదాపు ఎప్పుడూ జారవిడవదు. అయితే ఎక్స్‌రే తీయించమన్న ప్రతి కాలూ విరిగి ఉండదు, చాలావరకు విరగదు. అయిదారేళ్ల లోపు పిల్లలకు దీన్ని వాడకూడదు. ఎదిగే వయసు పిల్లలకు ఎముక చివర పెరిగే భాగం ఇంకా మెత్తగా ఉంటుంది కాబట్టి గుబ్బ మీదే నొప్పి ఉంటే సందేహించకుండా ఎక్స్‌రేకు పంపాలి. పుత్తూరు కట్టు మీద మన వాళ్లకున్న నమ్మకం నాకు తెలుసు, దాన్ని తీసిపారెయ్యను. కట్టుకు వెళ్లేవాళ్లు కూడా ముందు ఎక్స్‌రే చూసుకుని వెళ్లండి అంటాను. విరగని చీలమండను వారాల తరబడి కదలకుండా కట్టి ఉంచితే మేలు కన్నా బిగుతే మిగులుతుంది.

పదాల సంగతి ఒక్కటి చెప్పి ముందుకు వెళ్తాను. వచ్చిన రోజు ఆ పిల్ల “నరం తెగింది మేడం” అంది. మన దగ్గర నరం అంటే నెర్వు, రక్తనాళం, కండర కొస, లిగమెంటు, అన్నీ నరాలే. ఈ మాట విన్న డాక్టరు తిమ్మిరి ఉందా, స్పర్శ తెలుస్తోందా అని వెతుకుతాడు. దానికి విరుగుడుగా స్నాయువు, సంధిబంధనం అని రాస్తే పిల్లలకు అదీ అర్థం కాదు. లిగమెంట్ అనే మాట క్రికెట్ పుణ్యమా అని అందరికీ తెలిసిపోయింది. దాన్నే ఉంచి, మొదటిసారి వచ్చిన చోట ‘ఎముకను ఎముకకు కట్టి ఉంచే పట్టీ’ అని ఒక్క ముక్క చేరిస్తే చాలు. గ్రేడ్లూ అంతే. ఒకటో గ్రేడంటే పట్టీ సాగింది, రెండంటే కొంత చీలింది, మూడంటే పూర్తిగా తెగింది. చీలమండ బయటి లిగమెంటు పూర్తిగా తెగినా ఎక్కువమందికి ఆపరేషన్ అక్కర్లేదు, బ్రేస్ వేసి వ్యాయామంతోనే బాగవుతుంది. ఈ వాక్యం కాగితంలో తప్పకుండా ఉండాలి. లేకపోతే ‘టేర్’ అన్న మాట విన్న తండ్రి కూతురి ఆట అయిపోయిందనుకుంటాడు.

ఆమెది రెండో గ్రేడు. అదృష్టం కొద్దీ ప్రసాద్ నగర్‌లో పిన్ని ఉండబట్టి జట్టు వెళ్లిపోయినా ఆమె ఉండిపోయింది. పన్నెండో రోజుకు నొప్పి దాదాపు పోయింది. ప్రమాదం మొదలయ్యేది అక్కడే. “తగ్గిపోయింది, వెళ్తాను” అంది. మాట మీద మాట అనుకోకుండా గోడ దగ్గర నిలబెట్టాను.

బొటనవేలు గోడకు ఎదురుగా పెట్టి, మడమ నేల నుంచి లేవకుండా మోకాలిని గోడకు ఆనించాలి. ఆనితే పాదాన్ని కొంచెం వెనక్కి జరపాలి. మడమ లేవకుండా మోకాలు గోడను తాకే ఆఖరి చోట బొటనవేలికీ గోడకూ మధ్య దూరం కొలవాలి. ఆమె ఎడమ కాలికి 11 సెంటీమీటర్లు వచ్చింది, కుడి కాలికి 5. అంటే నొప్పి లేకపోయినా కుడి చీలమండ ముందుకు వంగడం లేదు. కూతకు వెళ్లి వంగి, బోనస్ లైన్ మీద కాలు పెట్టి వెనక్కి తిరగాలంటే ఆ వంపు కావాలి. అది లేనప్పుడు పాదం పక్కకు ఒరుగుతుంది, మళ్లీ అక్కడే మడత పడుతుంది. తర్వాత ఒంటికాలి మీద మడమ ఎత్తించాను. ఎడమ కాలితో 24 సార్లు లేచింది, కుడితో 9. కళ్లు మూసుకుని ఒంటికాలి మీద నిలబడమంటే కుడి కాలి మీద గోడ పట్టుకోకుండా నిలవలేకపోయింది.

ఆ కొలతలు చూశాక ఇంక వాదించలేదు. పిల్లలకు స్కోరు అర్థమవుతుంది. నేను ‘ఇంకో మూడు వారాలు’ అని ఉంటే క్యాలెండరులో రోజులు కొట్టేస్తూ కూర్చునేది. ‘11 రావాలి, 24 రావాలి’ అంటే పని చేసింది. రోజూ గోడ దగ్గర మోకాలు వంచడం. రెండు కాళ్ల మీద మడమ ఎత్తడం, అది తేలికయ్యాక ఒంటికాలి మీద. రబ్బరు బ్యాండును పాదానికి తగిలించి పాదాన్ని బయటి వైపుకు లాగడం. పాదం లోపలికి మడత పడబోయినప్పుడు ఆపేవి ఆ బయటి వైపు కండరాలే. ఒంటికాలి మీద ముప్పై సెకన్లు నిలబడటం, మొదట కళ్లు తెరిచి, తర్వాత మూసి, గోడకు చేరువలో. ఒక్కొక్కటి పదేసి చొప్పున మూడు విడతలు. ‘త్రీ ఇంటు టెన్’ అని రాయకండి, ‘పది సార్లు చేసి, ఒక నిమిషం ఆగి, మళ్లీ పది, మళ్లీ పది’ అని రాయండి. ఎంత చెయ్యాలనేదానికి ఒకటే కొలత. మర్నాడు పొద్దున లేచేసరికి వాపుగానీ బిగుతుగానీ నిన్నటి కన్నా పెరిగి ఉంటే నిన్న ఎక్కువ చేసినట్టు, ఇవాళ సగం చెయ్యాలి.

నాలుగో వారంలో గోడ దగ్గర తేడా 1 సెంటీమీటరుకు దిగింది, మడమ ఎత్తడం 22కు చేరింది. అప్పుడు గంతులు మొదలుపెట్టాం. ఒంటికాలితో ముందుకు, పక్కలకు. కుడి కాలి గంతు దూరం ఎడమ కాలి దూరంలో పదికి తొమ్మిది వంతులకు వచ్చాకే వంకర టింకర పరుగు. తర్వాత ఎదురుగా ఎవరూ లేకుండా కూత, ఆ తర్వాత ఒకరిద్దరు డిఫెండర్లతో, చివరికి పూర్తి ఆట, బ్రేస్ వేసుకుని. ఒక్కో మెట్టు మధ్య ఒక రోజు ఆగి చూశాం. మొత్తం ఆరు వారాలు దాటింది. రెండో గ్రేడుకు సాధారణంగా మూడు నుంచి ఆరు వారాలంటారు, ఆమె మొదటి రెండు రోజులు నడిచిన నడక కూడా అందులో లెక్కే. లిగమెంటు లోపల పూర్తిగా గట్టిపడటానికి నెలలు పడుతుంది కాబట్టి ఆ సీజనంతా బ్రేస్ తీయొద్దని చెప్పాను.

ఇదంతా అయ్యాక కూడా అడగవలసిన ప్రశ్న ఒకటి ఉంది. ఇంగ్లీషు ఫారాల్లో ‘ఇన్‌స్టెబిలిటీ’ అనే గడి ఉంటుంది. తెలుగులో ‘అస్థిరత’ అని పెడితే ఎవరూ టిక్కు పెట్టరు. “గతుకుల మీద నడిచేటప్పుడు, మెట్లు దిగేటప్పుడు కాలు దానంతటదే మడత పడబోయినట్టు అనిపిస్తోందా?” అని అడగండి, చేతులు లేస్తాయి. మీ స్పోర్ట్స్ హాస్టళ్లలో ఒక సాయంత్రం అడిగి చూడండి.

ఇప్పుడు కాగితం ఎలా తయారు చెయ్యాలో చెబుతాను. హకీంపేట, కడప స్పోర్ట్స్ స్కూళ్లు మీ చేతిలోనే ఉన్నాయి. ఒక ఆర్థోపెడిక్ డాక్టరు, ఒక ఫిజియో, ఒక తెలుగు మాస్టారు, ఒక కోచ్ కూర్చుంటే మొదటి ప్రతి వస్తుంది. దాన్ని ఆమోదించవలసింది మాత్రం వాళ్లు కాదు. తొమ్మిదో తరగతి పిల్లకు ఆ కాగితం ఇచ్చి చదవమని, కాగితం పక్కన పెట్టేసి “ఇప్పుడు ఏం చేస్తావో చేసి చూపించు” అనండి. పట్టీ వేళ్ల నుంచి చుట్టిందా, కర్ర ఏ చేత్తో పట్టింది, ఎత్తులో పెట్టమంటే పడుకుందా, కూర్చుందా? తప్పు చేసిన చోటల్లా వాక్యం మార్చాలి, పిల్లను కాదు. శ్రీకాకుళం పిల్ల, ఆదిలాబాద్ పిల్ల, అనంతపురం పిల్ల ముగ్గురూ సరిగ్గా చేసి చూపించాకే అచ్చుకు పంపండి. చదవడం రాని తల్లిదండ్రుల కోసం అదే పాఠాన్ని నిదానంగా చదివి రికార్డు చేయించండి.

చివరగా మీరు మాత్రమే చెయ్యగలిగిన పని ఒకటుంది. సెలక్షన్ ట్రయల్స్‌కు వచ్చే పిల్లలు తెచ్చే ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌లో ‘ఫిట్’ అన్న ఒక్క మాట, ఒక సంతకం తప్ప ఏమీ ఉండదు. చీలమండ దెబ్బ తగిలిన పిల్లల విషయంలో దాని కింద నాలుగు గడులు పెట్టించండి: గోడ కొలత కుడి, ఎడమ, మడమ ఎత్తినవి కుడి, ఎడమ. కొలవడానికి ఒక టేపు, ఒక గోడ, అయిదు నిమిషాలు చాలు. తేడా ఎక్కువగా ఉన్న పిల్లను తీసేయమనడం లేదు. తీసేస్తారని తెలిస్తే మరుసటి ఏడాది నుంచి ఎవరూ నిజం చెప్పరు. ఆ పిల్లకు నెల తర్వాత ఇంకో ట్రయల్ తేదీ ఇచ్చే వీలు మీ నిబంధనల్లో ఉందా? లేకపోతే చేర్చగలరా? ఈ లేఖకు మీరిచ్చే జవాబులో ముందుగా ఆ సంగతి తెలియజేయండి.

ఇట్లు,
ఒక తెలుగు ఫిజియోథెరపిస్టు,
కరోల్ బాగ్, న్యూఢిల్లీ